జ్వరం లేకపోయినా

డాక్టర్లు రాసింది చదివితే రోగులకు అర్థమయ్యేదే అయితే, ఆ ఆస్పత్రిలో కాగితాలమ్మకు ఉద్యోగమే ఉండేది కాదు. ఆపరేషన్‌కు ముందు ఏం తినాలి, కుట్లు ఎప్పుడు తడపొచ్చు, ఏ మందు ఏ మందుతో కలవకూడదు అని రోగుల చేతిలో పెట్టి పంపే కాగితాలుంటాయే, అవన్నీ ఆమె చేతి మీదుగానే పోవాలి. డాక్టర్లు రాసిచ్చిన కొరకరాని కొయ్యను ఐదో తరగతి చదివిన మనిషి కూడా చదువుకోగలిగేలా తిరగరాయడం ఆమె పని. రాసేటప్పుడు వైద్యం ఇసుమంత కూడా తప్పకూడదు. ఈ రెండూ ఒకేసారి చేయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. చేయనివాళ్లు మాత్రం "అబ్బే, నాలుగు చిన్న మాటలు రాయడానికి ఇన్ని రోజులా?" అంటారు.

ఆమె గది నేలమాళిగలో, లాండ్రీ పక్కన ఉండేది. ఒకప్పుడు పిండికట్టు సామాన్లు పెట్టుకునే గది అది. గోడవతల ఆవిరి గొట్టాలు, ఇవతల ఒక కంప్యూటరు, ఒక బల్ల, రెండు కుర్చీలు. రెండో కుర్చీ ఇస్త్రీ అక్కది.

ఇస్త్రీ అక్క లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే మనిషి. వయసు యాభైకి దగ్గర. చదివింది ఐదో తరగతి, అదీ తడబడుతూ. వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదువుతుంది. అలాంటి మనిషే కావాలి కాగితాలమ్మకు. కొత్త కాగితం రాయగానే పిలిచి కూర్చోబెట్టి చదివించేది. "అర్థమైందా?" అని అడిగేది కాదు. అలా అడిగితే ఎవరైనా అయిందనే అంటారు, పరువు పోతుందని. "నువ్వు ఇంట్లో ఉన్నావు, ఇలా జరిగింది, ఏం చేస్తావు?" అని అడగాలి. చెప్పాక, "అది ఎక్కడుందో వేలు పెట్టి చూపించు" అనాలి. చెప్పడమూ చూపించడమూ రెండూ కుదిరితేనే ఆ వాక్యం పాసైనట్టు. అసలు పద్ధతి ప్రకారం ప్రతిసారీ కొత్తవాళ్లనే పిలవాలి. కొత్తవాళ్లను పిలవాలంటే మూడు సంతకాలు కావాలి. ఆ సంతకాల కోసం తిరిగి తిరిగి చెప్పులరిగాక, గోడ పక్కనున్న ఇస్త్రీ అక్కే ఆరేళ్లుగా దిక్కయింది.

దిక్కవడమేమిటి, అక్క నోటి మాటలు ఎన్ని ఆ కాగితాల్లోకి ఎక్కాయో! ఒకసారి ఒక కాగితంలో "వెంటనే ఫోన్ చేయండి" అని ఉంటే అక్క నవ్వింది.

"వెంటనే అంటే మా ఇళ్లల్లో వంటయ్యాక, గిన్నెలు కడిగాక అమ్మా. గంటలోపల కావాలంటే గంటలోపల అని రాయండి."

ఆ రోజు నుంచి కాగితాలమ్మ "వెంటనే" అని ఒంటరిగా రాయడం మానేసింది.

ఆ ఏడాది ఆమె చేతికొచ్చింది కీమో కాగితం. కీమో మందు ఎక్కించుకున్న వాళ్లకు వారం పది రోజులయ్యేసరికి ఒంట్లో తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. రోగాలతో పోట్లాడేవి అవే. అవి లేనప్పుడు ఇన్‌ఫెక్షన్ వస్తే కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. అందుకని ఎప్పుడు ఫోన్ చేయాలో రోగికి తెలిసి తీరాలి. పాత కాగితం నాలుగు పేజీలు. మొదటి పేజీ అంతా నోరు తిరగని పేర్లు. అసలు సంగతి మూడో పేజీలో, ఎనిమిది పంక్తుల వాక్యం నడుమ ఇరుక్కుని ఉంది.

"దీన్ని తొందరగా కానివ్వండమ్మా," అంది ఇస్త్రీ అక్క, మొదటిసారి చదవడానికి కూర్చున్న రోజే. "మా చెల్లికి వచ్చే నెల మొదలుపెడతారట."

కాగితాలమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. "చెల్లికా? ఏమైంది అక్కా?"

"రొమ్ములో గడ్డ. తీసేశారు. ఇప్పుడీ కీమో నాలుగుసార్లు ఇస్తే నయమవుతుందన్నారు పెద్ద డాక్టరు." అక్క చీర కొంగు మడత సరిచేసుకుంది. "మొగుడు లారీ మీద వెళ్తే పదిహేను రోజులకు గానీ రాడు. నేనేమో ఊరికి ఈ కొసన, అదేమో ఆ కొసన. ఒక్కతే ఉంటుంది. పాత కాగితం నేను చదివి చూశా. తల గోడకేసి కొట్టుకోవడమే తక్కువ."

"తను చదువుతుందా?"

"చదవకేం! నాకన్నా రెండు తరగతులెక్కువే చదివింది. బట్టలు కుడుతుంది. కొలత రాసిచ్చారంటే దారప్పోగంత కూడా అటూ ఇటూ పోనివ్వదు. కాగితంలో ఏముంటే అది చేస్తుంది. లేనిది చెయ్యదు. మొండిఘటం."

ఆ క్షణం నుంచి కాగితాలమ్మకు ఆ కాగితం నలుగురి కాగితం కాకుండా పోయింది. ఊరికి ఆ కొసన, కుట్టుమిషను పక్కన ఒంటరిగా కూర్చుని చదువుకునే మనిషి ఒకతె కళ్లముందు నిలబడింది. ఆ మనిషి కోసమే రాసింది. నిజం చెప్పాలంటే, అంత ప్రేమగా ఆమె ఏ కాగితమూ రాయలేదు.

మూడో ప్రతికల్లా కాగితం బాగా కుదిరింది. ముందు పేజీలో పెద్దక్షరాలతో ఇలా ఉంది: "మీ టెంపరేచర్ 38 డిగ్రీలు గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే గంటలోపల ఫోన్ చేయండి. పగలైనా, రాత్రైనా చేయండి. జ్వరం లేకపోయినా, వణుకు వస్తే, ఒంట్లో బాగా లేదనిపిస్తే అలాగే ఫోన్ చేయండి." వెనక పేజీలో, గమనించుకోవాల్సిన వాటి పట్టికలో కూడా చివరి సంగతి మరోసారి ఉంది. టెంపరేచర్‌కు పాత కాగితంలో రెండు రకాల కొలతలుండేవి. ఆస్పత్రి ఇచ్చే థర్మామీటరులో కనిపించే సెల్సియస్ ఒక్కటే ఉంచింది. అందులో 37 అంటే జ్వరం లేనట్టే.

ఇస్త్రీ అక్క వేలు పెట్టుకుని చదివింది.

"టెంపరేచర్ 37 ఉంది. కానీ ఒళ్లు వణుకుతోంది. ఏం చేస్తావు?"

"ఫోన్ చేస్తా. గంటలోపల." వేలు సరిగ్గా ఆ పంక్తి మీద ఆనింది. "ఇదుగో, ఇక్కడ."

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆగనిస్తారా? కాగితం నలుగురి దగ్గరికీ వెళ్లింది. మందులాయన ఒక మాట కలపమన్నాడు: టెంపరేచర్ చూసుకోకుండా పారాసిటమాల్ వేసుకోకూడదు, అది జ్వరాన్ని దాచేస్తుంది అని. ఆ మాట న్యాయమే, కలిపింది. పెద్ద డాక్టరు కాగితంలో "ప్రాణం మీదికి రావచ్చు" అని ఉంటే భయపడతారేమో అన్నాడు, భయపడకపోతే ఫోన్ ఎందుకు చేస్తారని ఆమె అరగంట వాదించి నెగ్గింది. చివరికి క్వాలిటీ ఆఫీసరు వచ్చాడు. ఆయన చేతిలో ఒక యంత్రం ఉంటుంది, అంటే కంప్యూటరులోనేలెండి. వాక్యం ఎంత పొడుగు, మాట ఎంత పొడుగు అని లెక్కబెట్టి, ఎన్నో తరగతి వాళ్లు చదవగలరో ఒక అంకె ఇస్తుంది. అర్థం ఉందా లేదా అన్నది దానికక్కర్లేదు.

"ఐదు రావాలి. మీకు ఆరున్నర వస్తోంది," అన్నాడాయన. "పైగా ఒక్క షీటు దాటకూడదు. అక్షరాలు పెద్దవి చేయాలి. చెప్పిందే రెండు చోట్ల చెప్పారు, గమనించారా?"

గమనించింది. గమనించడమే కొంప ముంచింది. ముందు పేజీలో ఆ మూడో వాక్యం పొడుగ్గా ఉంది, అంకెను పైకి లాగుతోంది. వెనక పట్టికలో ఎలాగూ ఉంది కదా అనుకుని, ముందు పేజీలో తీసేసింది. అంకె దిగింది. ప్రాణం హాయిగా అనిపించింది కూడాను.

అదే రోజు, అదే పొద్దున, కీమో వార్డు పెద్ద సిస్టర్ తన కంప్యూటరులో వెనక పేజీ సరిచేస్తోంది. పట్టికలో ఆఖరి వరస ముందు పేజీలో ఎలాగూ ఉంది కదా అనుకుని, ఆవిడ అక్కడ తీసేసింది. ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరికీ పని వచ్చు. ఇద్దరూ ఒకే మాటను రెండు వైపుల నుంచీ తుడిచేశారు. సాయంత్రం రెండు పేజీలూ కలిపి ఒకటి చేసినప్పుడు, మిగతావాళ్లు కొత్తగా కలిపిన ఎర్ర అక్షరాలే చదివారు. పోయిన మాటకు రంగుండదు కదా, ఎవరికి కనిపిస్తుంది?

అయినా ఇంకో గట్టు ఉంది. ఆఖరి ప్రతిని చదివించడం. ఇస్త్రీ అక్క వచ్చింది కానీ కూర్చోలేదు. ఆపరేషన్ గది దుప్పట్లు పై అంతస్తుకు పోవాలని వెనక నుంచి కేకలు వేస్తున్నారు. నిలబడే కాగితాన్ని పైనుంచి కిందికి చూసింది.

"టెంపరేచర్ 37 ఉంది. ఒళ్లు వణుకుతోంది. ఏం చేస్తావు అక్కా?"

"జ్వరం లేకపోయినా ఫోన్ చేయాలి. గంటలోపల. ఎన్నిసార్లు చెప్పించుకుంటారమ్మా, నాకు కంఠతా వచ్చేసింది!"

ఇద్దరూ నవ్వుకున్నారు. కాగితాలమ్మ ఆ ప్రశ్న పక్కన టిక్కు పెట్టింది. వేలు పెట్టి చూపించమని అడగలేదు. ఆరేళ్లలో ఆ మాట అడగనిది ఆ ఒక్క రోజే. పాపిష్టి రోజు.

కాగితం అచ్చయి వచ్చింది. చూడముచ్చటగా ఉంది. ఇస్త్రీ అక్క చెల్లికి మొదటి కీమో ఇచ్చిన రోజు, కాగితాలమ్మ తనే వార్డుకు వెళ్లి ఆ కాగితం చేతిలో పెట్టింది. సన్నగా, చామనఛాయగా ఉన్న మనిషి. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "భలే, నాకు కూడా తెలుస్తోందే!" అంది. అక్క వైపు చూసి, "ఇదేనా నువ్వు పరీక్ష రాసిన కాగితం?" అని ఆటపట్టించింది. కాగితాలమ్మ ఆ రోజు మెట్లెక్కి వచ్చిన ఆయాసం కూడా తెలియకుండా కిందికి దిగింది.

తర్వాత పదమూడు రోజులకు, పొద్దున పదింటికి, కీమో వార్డు పెద్ద సిస్టర్ నేలమాళిగలోకి వచ్చింది. ఆవిడెప్పుడూ అక్కడికి దిగి వచ్చిన మనిషి కాదు. రెండో కుర్చీలో కూర్చుని, చేతిలోని కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"ఇస్త్రీ అక్క చెల్లెలు పోయింది," అంది. "నిన్న మధ్యాహ్నం. ఐసీయూలో."

కాగితాలమ్మ ఆ కాగితం వైపు చూసింది.

"ఆలస్యంగా ఫోన్ చేసింది. వచ్చేసరికే బీపీ పడిపోయి ఉంది. అరగంటలో యాంటీబయాటిక్ ఎక్కించాం. రెండు రోజులు చూశాం. తట్టుకోలేకపోయింది. దీని మీద ఏదో రాసుకుంది, మీరు చూడాలి."

అది కొత్త కాగితమే. వెనక పేజీ అంచు ఖాళీలో, బట్టల కొలతలు రాసే పద్ధతిలో, సన్నటి పెన్సిలుతో వరసగా అంకెలున్నాయి. మధ్యాహ్నం రెండు, 37.2, వణుకు. నాలుగు, 37.4, వణుకు. ఆరు, 37.5, నీరసం. అలా రెండేసి గంటలకు ఒకటి. తెల్లవారి ఆరింటికి 37.8. ఎనిమిదింటికి 38.1. దాని పక్కన, "ఫోన్ చేశాను."

"పద్దెనిమిది గంటలు!" అంది సిస్టర్. గొంతులో కోపముంది. "వణుకు వస్తే జ్వరం లేకపోయినా చేయమని కాగితంలో రాశాం కదా! అది చదవకుండా ఈ లెక్కలన్నీ దేనికి?"

కాగితాలమ్మ కాగితాన్ని తిప్పింది. ముందు పేజీ చదివింది. మళ్లీ తిప్పింది. వెనక పేజీ చదివింది.

"ఎక్కడ రాశాం సిస్టర్?"

"ముందు పేజీలో."

"ముందు పేజీలో లేదు. నేను తీసేశాను. వెనక ఉంది కదా అని."

సిస్టర్ మొహం పాలిపోయింది. కాగితాన్ని లాక్కుని వెనక పేజీ చూసింది. తర్వాత అంది, "వెనకది నేను తీసేశాను."

ఇద్దరూ కంప్యూటరులో పాత ప్రతులు తెరిచి చూశారు. ఆమె తీసేసింది పదకొండూ పదికి. సిస్టర్ తీసేసింది పదకొండూ నలభైకి. అరగంట తేడా. సిస్టర్ చీటికీ మాటికీ కన్నీళ్లు పెట్టుకునే మనిషి కాదు, ఆ వార్డులో పాతికేళ్లు పనిచేసింది. బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. కాగితాలమ్మకు ఏడుపు కూడా రాలేదు. పోయిన మనిషి చదివింది. ప్రతి అక్షరమూ చదివింది. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేసింది, 38 వచ్చిన గంటలోపల ఫోన్ కూడా చేసింది. ఇంతకన్నా బాగా ఏ రోగి మాత్రం చదువుతుంది? ఈ మాట తలుచుకున్నకొద్దీ ఆమెకు తన చేతులంటేనే అసహ్యం వేసింది.

ఇద్దరూ కలిసే వెళ్లి క్వాలిటీ ఆఫీసరుకు చెప్పారు. దాచలేదు. ఆయన పూర్తిగా విన్నాడు, ఫైలు తెప్పించాడు, నాలుగు సంతకాలూ చూసుకున్నాడు. సాయంత్రానికల్లా కొత్త కాగితాలన్నీ వార్డుల నుంచి వెనక్కి తెప్పించాడు. అంతవరకు బాగానే ఉంది.

"మరి రోగులకు ఏమిస్తారు?" అని అడిగింది కాగితాలమ్మ.

"పాతదే. అందులో అన్నీ ఉన్నాయిగా. చట్టపరంగా ఏ చిక్కూ లేదు."

"అది ఎవరూ చదవలేరు సార్! చదవలేకే కదా మార్చాం! ఒక్క వాక్యం కలిపి దీన్నే మళ్లీ అచ్చు వేయిద్దాం, రేపటికి ఇస్తాను."

"విచారణ అయ్యేదాకా కొత్త ప్రతి ఏదీ కదలదు. ఆర్నెల్లు పట్టొచ్చు. తర్వాత కమిటీ చూస్తుంది." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మనిషి దుర్మార్గుడేం కాదు. ఆయనకూ భయమేసింది, అంతే. "సులువుగా రాయాలనుకోవడంతోనే కదమ్మా ఇదంతా వచ్చింది."

మర్నాటి నుంచి కీమో వార్డులో నాలుగు పేజీల పాత కాగితం పంచడం మొదలైంది. జనం దాన్ని మడిచి సంచుల్లో పెట్టుకుని ఇళ్లకు పోతున్నారు. సిస్టర్ ఒక్కొక్కరికీ నోటితో చెబుతోంది, ఓపిక ఉన్నంతవరకు, మనుషులు దొరికినంతవరకు.

ఇస్త్రీ అక్క పన్నెండో రోజు దాటాక పనిలోకి వచ్చింది. వచ్చిన రోజు మధ్యాహ్నమే కాగితాలమ్మ గది గుమ్మంలో నిలబడింది. చెంపలు లోపలికి పోయాయి. పలకరింపులేమీ లేకుండా వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

"మీరు ఇంత కష్టపడి రాశారు," అంది. "నేను ఇన్నిసార్లు చదివాను. మా ఇంటి దరిద్రపుగొట్టుది మాత్రం చదవలేదు చూశారా. ఏం చెప్పను! వణుకొస్తే ఫోన్ చేయమని అంత పెద్దక్షరాలతో రాసి ఉంటే, థర్మామీటరు పట్టుకుని కూర్చుందట. నేనూ పెద్ద తెలివైనదాన్నే. ఆ సాయంత్రం నీరసంగా ఉందని అది ఫోన్‌లో అంటే, కాగితం ఉందిలే అనుకున్నా. మర్నాడు పొద్దున్నే వెళ్దాంలే అనుకున్నా."

ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఈ మనిషి చెల్లెలి మీద కోపంతోనే బతికేస్తుంది. కోపమైనా ఒక ఆసరాయే. కాగితాలమ్మ ఆ క్షణంసేపూ ఆ ఆలోచన చేసింది, చేయలేదని అనడం అబద్ధం. కానీ ఆ పెన్సిలు అంకెలు ఆమెను ఊరుకోనివ్వలేదు.

"అక్కా, చెల్లి చదివింది," అంది. "తప్పు తనది కాదు. ఆ మాట కాగితంలో లేదు. నేనే తీసేశాను."

"లేకపోవడమేమిటమ్మా? నేను చదివాను కదా!"

"నువ్వు చదివింది మూడో ప్రతిలో. తర్వాత పోయింది. ఆఖరి ప్రతిలో లేదు. వేలు పెట్టి చూపించమని నేను అడగాల్సింది, అడగలేదు. తప్పు నాది అక్కా."

సొరుగులోంచి అచ్చు కాగితం తీసి ముందు పెట్టింది. ఇస్త్రీ అక్క వేలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి. ఒక్కొక్క పంక్తీ దాటుకుంటూ ముందు పేజీ చివరిదాకా వెళ్లింది. తిప్పింది. వెనక పేజీ చివరిదాకా వెళ్లింది. మళ్లీ ముందుకు తిప్పి, మళ్లీ మొదటి పంక్తి మీద వేలు పెట్టింది. మూడోసారి కూడా చదివింది. గోడవతల లాండ్రీలో ఎవరో ఆమెను పిలుస్తున్నారు. ఆమెకు వినిపించలేదు.

"నేను చూడకుండానే చెప్పాను కదూ," అంది చివరికి.

"నీ తప్పు కాదు అక్కా. నాది. సిస్టర్‌ది. నీది మాత్రం కాదు."

"నన్ను కూర్చోబెట్టిందే దానికి కదమ్మా. ఉందో లేదో చూసి చెప్పమనే కదా. నేను సరేనన్నాను."

కాగితాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. చెయ్యి పట్టు ఇవ్వలేదు, విడిపించుకోనూ లేదు. తప్పు నాదే అని కాగితాలమ్మ ఇంకా నాలుగుసార్లు చెప్పింది. ఎంత సులువుగా చెప్పినా ఆ మాట అక్కకు చేరలేదు.

"ఐసీయూలో దానికి కాసేపు తెలివొచ్చింది," అంది ఇస్త్రీ అక్క. కళ్లు కాగితం మీదే ఉన్నాయి. "తిట్టాను. మంచం పక్కన నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. కాగితం చేతిలో పెట్టారు కదే, చదవడానికేం రోగం అని. చదివానక్కా, అంది. ఇంకేం అనలేదు. నేను నమ్మలేదు."